రెండు పాసులు, ఐదు వరుసలు

పోయిన భాగంలో హాస్టల్ మెస్ రిజిస్టర్ ఎట్లా చదవాలో రాసిన. ఈసారి ఇంకా చిన్న కాగితం. బడి వార్షికోత్సవం పోస్టర్ కింద ఉండే నాలుగు లైన్లు. తేదీ ఎప్పుడు, లోపలికి ఎవరు రావాలి, ఎక్కడ కూర్చోవాలి, పాసు ఎక్కడ తీసుకోవాలి అని రాసి ఉంటది కదా, అదే. దాన్ని మనం చదవం. పిల్ల ఫొటో చూసి, ఒక చప్పట్ల గుర్తు పెట్టి ముందుకు జరుపుతం. కాగజ్‌నగర్‌లో 2024 ఫిబ్రవరిలో మా స్టడీ సర్కిల్ పిల్లలు అట్లాంటి నాలుగు లైన్ల మీద పది రోజులు కూర్చున్నరు. ఆ పది రోజుల ముచ్చటే ఇది.

బడి పేరు రాయను. ఊళ్ళో ఉన్న చాలా చిన్న ప్రైవేటు బడుల లాంటిదే. రేకుల షెడ్డు, పక్కన మట్టి గ్రౌండు, ఏడో తరగతి దాకా 274 మంది పిల్లలు. ఎక్కువ మంది మాల, మాదిగ, ముస్లిం, బీసీ ఇండ్ల పిల్లలు, కొందరు గోండు, కోలాం పిల్లలు. తండ్రులు మిల్లులో కాంట్రాక్టు పని, హమాలీ, ఆటో. తల్లులు పత్తి ఏరబోతరు, ఇండ్లల్ల పని చేస్తరు. 2014లో సిర్పూర్ పేపర్ మిల్లు మూతపడి, 2018లో జేకే పేపర్ వాళ్ళ చేతిలో మళ్ళా తెరుచుకునే దాకా ఈ ఊరు ఎట్లా బతికిందో మీకు తెలుసు. ఆ నాలుగేండ్లల్లో చిన్న బడుల ఫీజు పుస్తకాల్లో బాకీ అనే గడి నిండింది, ఇప్పటికీ ఖాళీ కాలేదు. ఇది గుర్తు పెట్టుకోండి, ముందు పనికొస్తది.

మా స్టడీ సర్కిల్‌కు వచ్చే ఒక తమ్ముడు ఆ బడిలో సాయంత్రం ట్యూషన్ చెప్తడు. వాట్సాప్‌లో తయారైన పోస్టర్ నాకు పంపి, "అక్కా, అచ్చు తప్పులు చూడు" అన్నడు. అచ్చు తప్పులు లేవు. రాసింది మొత్తం ఇంగ్లిషులో ఉంది. తెలుగులో చెప్తే ఇట్లా ఉంటది: ఫిబ్రవరి 24, శనివారం, సాయంత్రం నాలుగున్నరకు వార్షికోత్సవం. ఫీజు పూర్తిగా కట్టిన తల్లిదండ్రులకు మాత్రమే రెండు పాసులు. పాసులు ఆఫీసులో పది నుంచి మూడు వరకు, తల్లి గానీ తండ్రి గానీ స్వయంగా వచ్చి తీసుకోవాలి. మొదటి ఐదు వరుసలు అతిథులకు, దాతలకు. మర్యాదైన దుస్తుల్లో రావాలి. ఐదేళ్ళలోపు పిల్లలకు ప్రవేశం లేదు.

కోపం తెచ్చుకోవడానికి ఇందులో కావల్సినంత ఉంది. కాని నేను ఆ తమ్మునికి ముందు చెప్పిన మాట వేరు. పాసు పెట్టడం తప్పు కాదు, గ్రౌండుకు ఒక లెక్క ఉంటది, ఆ లెక్క దాటితే మనుషులు చస్తరు అని చెప్పిన. 1995 డిసెంబర్ 23న హర్యానాలోని దబ్వాలీలో ఒక బడి వార్షికోత్సవం జరుగుతుంటే పందిరికి నిప్పంటుకుంది. పైన కప్పింది సింథటిక్ గుడ్డ. కరిగి జనం మీద పడ్డది. బయటికి పోయే దారి ఇరుకు. 400 మందికి పైగా చనిపోయిండ్రు, చానా మంది పిల్లలు, తల్లులు. బడి వార్షికోత్సవం గురించి మాట్లాడే ఎవరైనా ఆ తేదీ తెలుసుకొని మాట్లాడాలె. అందుకే "అందరినీ రానియ్యాలె, పాసులు ఎందుకు" అనే నినాదం నేను ఇయ్యను. పాసు జనాన్ని లెక్క పెట్టడానికి ఉందా, జనాన్ని ఏరడానికి ఉందా అని అడుగుత. ఈ రెండూ ఒకే కాగితం మీద ఒకే అక్షరాల్లో ఉంటయి. విడదీయాలంటే టేపు పట్టుకొని గ్రౌండుకు పోవాలె.

పోయినం. ఆదివారం పొద్దున ముగ్గురు పిల్లలు, నేను, ఒక బట్టల కొట్టు టేపు. గ్రౌండు 80 అడుగుల పొడవు, 50 అడుగుల వెడల్పు. స్టేజీ దానికి బయట, షెడ్డు అరుగు మీద. వెడల్పులో నడుమ ఐదు అడుగుల దారి, రెండు పక్కల నాలుగేసి అడుగులు వదిలితే కుర్చీలకు మిగిలేది 37 అడుగులు. ప్లాస్టిక్ కుర్చీకి 20 అంగుళాలు పడ్తది. అంటే వరుసకు 22 కుర్చీలు, దారికి ఇటు 11, అటు 11. పొడవులో స్టేజీ ముందర పిల్లలు జంపఖానాల మీద కూర్చోవడానికి 12 అడుగులు, నడుమ అడ్డంగా ఒక దారికి ఐదు, వెనక ఎనిమిది వదిలినం. 55 అడుగులు మిగిలింది. మోకాళ్ళు తగలకుండా ఒక మనిషి వరుసలోంచి బయటికి రావాలంటే వరుసకు వరుసకు మూడు అడుగులు కావాలె. 18 వరుసలు. 18 ఇంటు 22, మొత్తం 396 కుర్చీలు.

ఇదొక్కటే ఈ పోస్టర్‌లో నిజమైన అంకె. మిగతావన్నీ దీని చుట్టూ తిరిగే నిర్ణయాలు. కాని పోస్టర్ తయారు చేసినోళ్ళు ఈ అంకె తీయలేదు. టెంటు హౌజుకు ఫోన్ చేసి "నాలుగు వందల కుర్చీలు పంపు" అన్నరు, అంతే. తీసి ఉంటే ఇంకో సంగతి కనపడేది. మొదటి ఐదు వరుసలు అంటే 110 కుర్చీలు. 396లోంచి 110 పోతే 286.

ఇప్పుడు ఇండ్లు లెక్క పెట్టాలె. పిల్లలు 274 అయినా ఇండ్లు అన్ని ఉండవు. అక్కాతమ్ముళ్ళు ఒకే బడిలో ఉంటరు. అటెండెన్స్ రిజిస్టర్ ముందు పెట్టుకొని ఇంటి పేరు, తండ్రి పేరు, ఫోన్ నంబరు సరిచూస్తూ కలిపితే 178 ఇండ్లు తేలినయి. ఒక సాయంత్రం పని. ఇంటికి రెండు పాసులంటే 356. ఉన్నవి 286. డెబ్బై తక్కువ.

ఆ డెబ్బై ఎక్కడ సర్దాలె? ఫీజు బాకీ ఉన్న ఇండ్లు 41 అని క్లర్కు చెప్పింది. 41 ఇండ్లకు రెండేసి పాసులు ఆపితే 82. అప్పుడు 286 కుర్చీలు సరిపోతయి, పన్నెండు మిగుల్తయి కూడా. ఎవరో కూర్చొని ఈ లెక్క వేసిండ్రని నేను అనను. లెక్క వేయలేదు కాబట్టే ఇట్లా అయింది. ముందు వరుసలు పెద్దోళ్ళకు పక్కన పెట్టినంక, కుర్చీలు తక్కువ పడ్తయని అనుభవంతో తెలిసి, తక్కువ చేయాల్సింది ఎవరిని అన్నప్పుడు చెయ్యి తనంతట తానే బాకీ గడి మీదికి పోయింది. ఆ 41 ఇండ్లల్లో 33 ఎస్సీ, ఎస్టీ ఇండ్లు. పోస్టర్‌లో కులం అన్న మాటే లేదు.

చట్టం చదివే తమ్ముళ్ళు, చెల్లెండ్లు ఇక్కడ అడుగుతరు, కేసు పెట్టొచ్చు కదా అని. చూద్దాం. రాజ్యాంగం 15వ అధికరణం రెండో క్లాజు బహిరంగ వినోద స్థలాల్లోకి ప్రవేశం గురించి మాట్లాడ్తది. 1955 పౌర హక్కుల పరిరక్షణ చట్టం దానికి అర్థం కూడా చెప్పింది. ప్రజలను రానిచ్చి ప్రదర్శనో ఆటో వినోదమో జరిపే ఏ చోటైనా అందులోకి వస్తది. బడి గ్రౌండులో టికెట్ పెట్టి చేసే కార్యక్రమం ఆ మాటకు దూరం కాదు. కాని ఆ చట్టం కింద నేరం కావాలంటే అంటరానితనం కారణంగా ఆపినట్టు ఉండాలె. ఇక్కడ ఆపింది ఫీజు కారణంగా. విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ క్యాపిటేషన్ ఫీజు వద్దంటది, కాని బిడ్డను చేర్చుకునేటప్పుడు వసూలు చేసేదాని గురించే దాని మాట. డాన్సు డ్రెస్సుకు, పాసుకు డబ్బులడిగితే అది నేరుగా వర్తించదు. 17వ సెక్షన్ బిడ్డను మానసికంగా హింసించొద్దంటది. బాకీ పేరుతో పిల్లను అందరి ముందర నిలబెట్టి పాసు లేదు పో అంటే దాని గురించి వాదించొచ్చు, వాదించాలె. అయినా వార్షికోత్సవం పది రోజుల్లో ఉంది. కోర్టు ఆ లోపల రాదు. టేపు, రిజిస్టరు వస్తయి.

ఈ పాసుల ముచ్చట నాకు కొత్త కాదు. నేను చదివిన బడిలో పాసులు రెండు రంగుల్లో ఉండేవి. గులాబీ రంగు వాటికి కుర్చీ, తెల్లవాటికి వెనక నిలబడే చోటు. మా అమ్మకు ఏ రంగూ రాలేదు. ఆ ఏడు మూడో టర్మ్ ఫీజు బాకీ. నేను కోలాటంలో రెండో జతలో ఉన్న. అమ్మ కాంపౌండు గోడ అవతల, మోరీ మీది బండ ఎక్కి చూసింది. ఇంటికొచ్చినంక "నీ కర్ర ఒకసారి కింద పడ్డది గదా" అన్నది. అంత దూరం నుంచి అది కనపడ్డదంటే ఎంత కండ్లు పెట్టుకొని చూసిందో. అంబేద్కర్ చిన్నప్పుడు బడికి తన గోనె సంచి తానే మోసుకపోయి, దాని మీద వేరుగా కూర్చున్న సంగతి మనందరం చదువుకున్నదే. కూర్చునే చోటు అనేది మన చదువుల చరిత్రలో మొదటి పాఠం. అందుకే పోస్టర్‌లో నా కన్ను ముందు సీటింగ్ లైన్ మీదికే పోతది.

కరస్పాండెంట్ సారు దగ్గరికి పోయినం. ఆయన చెడ్డ మనిషి కాదు. ఇద్దరు టీచర్ల డిసెంబర్ జీతం ఇంకా ఇయ్యలేదని ఆయనే చెప్పిండు.

"పాసులు ఆపకపోతే ఫీజు ఎట్ల వస్తదమ్మా? ఏడాదిలో వాళ్ళు బడి దిక్కు వచ్చేదే గీ ఒక్కసారి."

"పోయినేడు ఆపిండ్రు కదా సార్. ఎంత వచ్చింది?"

ఆయన క్లర్కు దిక్కు చూసిండు. ఆమె పుస్తకం తీసింది. పోయినేడు 38 ఇండ్లకు పాసులు ఆపితే, వార్షికోత్సవం లోపల కట్టినవి ఆరు. మిగతా 32లో ఎక్కువ ఇండ్లు పత్తి పైసలు చేతికొచ్చినంకనో, పరీక్షల ముందరనో కట్టినయి. అంటే ఎప్పుడు కట్టాల్సినోళ్ళు అప్పుడే కట్టిండ్రు. కాని ఆ 32 ఇండ్ల పిల్లల్లో 19 మంది రిహార్సల్ చివరి వారం బడికే రాలేదు. అందులో ముగ్గురు మళ్ళా చేరనే లేదు. ముగ్గురు పోతే పై ఏడు ఫీజు ఎంత పోయిందో ఆయనే వేళ్ళ మీద లెక్కేసుకున్నడు. నేనేం మాట్లాడలేదు.

వరుసల దగ్గర ఎక్కువ సేపు పట్టింది. "పెద్దమనుషులు వస్తరు, ముందల కూసోవెట్టకపోతే మర్యాద ఉండది" అన్నడు. సరే, పేర్లు రాయండి సార్ అన్న. పిల్లలు కాగితం ఇచ్చిండ్రు. ఎంత గుర్తు చేసుకున్నా 34 పేర్ల దగ్గర ఆగింది. అంటే 110 కుర్చీల్లో 76 ఎవరూ లేని పెద్దమనుషులకు. మీరు ఏ సభకైనా పోయి చూడండి, ముందు మూడు వరుసలు తెల్ల కవర్లు తొడుక్కొని ఖాళీగా ఉంటయి, వెనక జనం గోడకానుకొని నిలబడ్తరు. ఆఖరికి ఆ 34లో నిజంగా వచ్చి కూర్చునేవాళ్ళు ఇరవై లోపే అని ఆయనే ఒప్పుకున్నడు. ఒక్క వరుస, 22 కుర్చీలు. 396లోంచి 22 పోతే 374. ఇండ్లకు 356. ఇంకా 18 మిగిలినయి. బాకీ అన్న మాటే అవసరం లేకుండా అందరూ సరిపోయిండ్రు.

అంకె కుదిరినంక మిగతా లైన్లు పట్టుకున్నం. తేదీ మార్చాల్సి వచ్చింది. ఆ ఏడు మేడారం జాతర ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా. మా దగ్గర్నుంచి బెల్లం ఎత్తుకొని పోయేవాళ్ళు తక్కువ లేరు, వార్షికోత్సవం సరిగ్గా ఆఖరు రోజున పెట్టిండ్రు. వారం ముందుకు జరిపి 17 శనివారం చేసినం. ఇంకా ముందుకు పోదామంటే రాత్రి చలి. మన జిల్లాలో చలి సంగతి చెప్పాలా, డాన్సు డ్రెస్సులేమో పల్చటి శాటిన్. ఇంకా వెనక్కు పోదామంటే ఇంటర్ పరీక్షలు, మిరప ఏరడానికి వలస పోయే ఇండ్లు. మీ ఊళ్ళో తేదీ పెట్టేటప్పుడు క్యాలెండర్‌లో సెలవులు చూస్తే సరిపోదు. డిసెంబర్ 24 రాత్రి పెట్టిన బడులను నేను చూసిన. మన వాడల్లో సగం ఇండ్లు ఆ రాత్రి చర్చిలో ఉంటయి. నాగోబా జాతర నాడు పెడితే గోండు పిల్లలు రారు. రాలేదని తర్వాత వాళ్ళకే ఆసక్తి లేదంటరు.

టైము నాలుగున్నర అంటే పత్తి చేనుకు పోయిన తల్లి రాదు. ట్రాలీ ఆటో ఆమెను వాడలో దింపేసరికి ఆరు కావొస్తది. మొదటి పాట ఆరున్నరకు పెట్టమన్నం. చిన్న పిల్లల ఐటమ్స్ ముందర, పెద్ద పిల్లల నాటకం వెనక. తొమ్మిదికి అయిపోవాలె. అతిథుల ప్రసంగాలు మొదట్లో కాదు, మూడో ఐటమ్ తర్వాత, అందరికీ కలిపి ఇరవై నిమిషాలు. ఇది కూడా ప్రవేశ నియమమే. మొదటి గంట ప్రసంగాలకు పోతే చిన్నపిల్లల తల్లులు పిల్ల డాన్సు చూడకుండానే, ఇంట్ల పొయ్యి వెలిగియ్యాలని లేచిపోతరు.

పాసు తీసుకునే చోటు గురించి నేను కొంచెం మొండిగా ఉన్న. పది నుంచి మూడు, స్వయంగా రావాలె అంటే ఒక కూలి పోయినట్టే. టికెట్‌కు ధర లేదని పోస్టర్ అంటది, కాని కూలి మనిషికి దాని ధర ఆ రోజు కూలి. జీతగాళ్ళు పర్మిషన్ పెట్టి వస్తరు, వాళ్ళకే ఉచితం. హైదరాబాద్ బుక్ ఫెయిర్ టికెట్ అప్పుడు పది రూపాయలే, గేటు దగ్గరే ఇచ్చేటోళ్ళు, అందులో ఏ అన్యాయమూ లేదు. కాని కాగజ్‌నగర్ నుంచి పోవాలంటే భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్‌లో పోను ఒక పూట, రాను ఒక పూట. టికెట్ మీద అచ్చయిన రేటు ఎప్పుడూ మొత్తం రేటు కాదు. అందుకని 11 ఆదివారం పొద్దున ఎనిమిది నుంచి పన్నెండు, 12, 13, 14 తేదీల్లో సాయంత్రం ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర అని పెట్టినం. క్లర్కును రాత్రి కూర్చోబెట్టలేదు, మా పిల్లలే వంతుల వారీగా కూర్చున్నరు. తల్లో తండ్రో రావాలన్న షరతు తీసేసి, ఇంట్ల పెద్ద ఎవరైనా అన్నం. ఎందుకంటే రిజిస్టర్‌లో 178 ఇండ్లకు 26 ఇండ్లల్ల పిల్లలను సాకేది నాయనమ్మో, అమ్మమ్మో, మేనమామో. "పేరెంట్స్ మాత్రమే" అన్న రెండు మాటలు ఆ 26 ఇండ్లను గేటు బయట పెడ్తయి, పెట్టినట్టు రాసినోళ్ళకు కూడా తెల్వదు.

పాసుల అచ్చు పెద్ద పని కాదు. ఒక ఏ4 కాగితానికి ఎనిమిది, 45 కాగితాలు, జిరాక్స్ సెంటర్‌లో అయిపోయింది. ఒకటే రంగు. పాసు మీద నంబరు చేత్తో వేసి బడి ముద్ర కొట్టినం, దొంగ జిరాక్స్ తీస్తే ముద్ర నల్లగా వచ్చి దొరికిపోతది. నోటుబుక్కులో నంబరు, ఇంటి పేరు, తీసుకున్నవాళ్ళ సంతకం లేదా వేలిముద్ర. పాసు పోగొట్టుకున్నవాళ్ళను వెనక్కి పంపొద్దు, ఆ పుస్తకం గేటు దగ్గర ఉంటది, పేరు చూసి, నంబరు కొట్టేసి లోపలికి పంపొచ్చు. సీటు నంబర్లు వేయలేదు. వేస్తే ఎవరికి ముందుది, ఎవరికి వెనకది అన్న పంచాయితీ మళ్ళా క్లర్కు చేతిలోకి పోతది. ముందు వచ్చినోళ్ళు ముందు. రెండో వరుసలో దారి పక్క నాలుగు కుర్చీలు, మూడో వరుసలో నాలుగు, నడవలేనివాళ్ళకు, నిండు గర్భిణులకు.

ఐదేళ్ళలోపు పిల్లలు వద్దన్న లైన్ గురించి పిల్లల్లోనే వాదన నడిచింది. ఏడుస్తరు, అడ్డం తిరుగుతరు, నిజమే. కాని పనికి ఆయాను పెట్టుకునే ఇల్లు మన వాడలో లేదు. చంటిబిడ్డను వద్దంటే తల్లిని వద్దన్నట్టే. ఒళ్ళో కూర్చునే బిడ్డకు పాసు అక్కర్లేదని, ఏడిస్తే తల్లి లేచిపోవడానికి వెనకనున్న ఎనిమిది అడుగుల ఖాళీలో ఒక చాప వేస్తమని తేల్చినం. మర్యాదైన దుస్తులు అన్న మాట నేనే కొట్టేసిన, దాని మీద ఓటింగ్ పెట్టలేదు. చేను నుంచి సీదా వచ్చే మనిషి చీర మర్యాదగా ఉందో లేదో గేటు దగ్గర పిలగాడు తేలుస్తడా?

గేట్లు రెండు ఉన్నయి. వెనక గేటుకు తాళం తుప్పుపట్టి ఉండె. దానికి నూనె పోయించి, ఆ రాత్రంతా తాళం తీసి, ఒక మనిషిని నిలబెట్టినం. పందిరి వేయలేదు, ఫిబ్రవరిలో వాన భయం లేదు, ఆకాశం కింద నిప్పు భయం తక్కువ.

ఇదీ ఆఖరికి పోయిన పోస్టర్. తెలుగులోనే. చదవరానివాళ్ళ కోసం ఒక టీచరమ్మ ఇదే ముచ్చటను వాయిస్ మెసేజ్ చేసి తరగతి గ్రూపుల్లో పెట్టింది.

"మన బడి వార్షికోత్సవం ఫిబ్రవరి 17 శనివారం, బడి గ్రౌండులో. గేటు ఐదున్నరకు తెరుస్తం, ఆరున్నరకు మొదలు, తొమ్మిదికి అయిపోతది. గ్రౌండులో 396 కుర్చీలే పడ్తయి, అందుకే ఇంటికి రెండు పాసులు. అన్ని ఇండ్లకూ ఇస్తం, పాసుకూ ఫీజుకూ సంబంధం లేదు. ఒళ్ళో బిడ్డకు పాసు వద్దు. పాసులు 11 ఆదివారం పొద్దున 8 నుంచి 12 దాకా, 12, 13, 14 తేదీల్లో సాయంత్రం 6:30 నుంచి 8:30 దాకా బడిలో ఇస్తం. ఇంట్ల పెద్దోళ్ళు ఎవరొచ్చినా సరే. మూడో మనిషి రావాలంటే అక్కడే పేరు రాయించండి, మిగిలిన పాసులు 16 శుక్రవారం సాయంత్రం ఇస్తం. మొదటి వరుస అతిథులకు, మిగతా వరుసల్లో ముందు వచ్చినోళ్ళు ముందు కూర్చోవచ్చు. నడవలేనివాళ్ళకు దారి పక్క కుర్చీలు ఉన్నయి, గేటు దగ్గర చెప్పండి. పాసు పోయినా రండి, పేరు చూసి పంపుతం."

"పాసుకూ ఫీజుకూ సంబంధం లేదు" అన్న లైన్ సారు రెండుసార్లు తీయించిండు, రెండోసారి తానే పెట్టిచ్చిండు. అది లేకపోతే బాకీ ఉన్న ఇండ్లు పోస్టర్ చూసి కూడా రావు. పోయినేడు గేటు దగ్గర తిరిగి పోయినోళ్ళకు ఈ ఏడు నియమం మారిందని ఎవరు చెప్తరు? ఆపడం మానేస్తే సరిపోదు, మానేసినట్టు రాసి పెట్టాలె. అంత చేసినా 14 రాత్రికి 31 ఇండ్ల పాసులు బల్ల మీదనే ఉన్నయి. మా పిల్లలు ఆ 31 ఇండ్లకు నడిచి పోయిండ్రు. తొమ్మిది ఇండ్లకు తాళాలు, అప్పటికే మిరప ఏరను పోయిండ్రు, పిల్లలను కూడా తీసుకపోయిండ్రు. రెండు ఇండ్లల్ల ఫోన్ లేదు. మిగతా ఇరవై ఇండ్లల్ల ఒకటే మాట, "ఇస్తరని నమ్మలే". తొమ్మిది ఇండ్ల 18 పాసులు, లెక్కలో మిగిలిన 18, కలిపి 36. మూడో మనిషి కోసం పేర్లు రాయించినవి 33. అన్నీ ఇచ్చినం, ఎక్కువ నాయనమ్మలకే.

పుస్తకాల బల్ల ఒకటి వెనక చాప పక్కన పెట్టినం. ఐదు రూపాయల నుంచి యాభై రూపాయల దాకా పుస్తకాలు. దానికి టికెట్టూ లేదు, పాసూ లేదు. గోడ అవతల నిలబడి చూసేవాళ్ళు ఆ రాత్రి లేరని నేను చెప్పను. పక్క వాడ పిలగాండ్లు పదిమంది గోడెక్కిండ్రు, వాళ్ళ బడి అది కాదు, పాసులు వాళ్ళకు లెక్కలోనే లేవు. తొమ్మిది కావొస్తుంటే నాటకం నడుమ వెనక గేటు కాడి పిలగాడు వాళ్ళను లోపలికి పిలిచి చాప మీద కూర్చోబెట్టిండు. అప్పటికి చంటిపిల్లల తల్లులు వెళ్ళిపోయిండ్రు, చోటుండె.

ఆ తొమ్మిది తాళాల ఇండ్ల పిల్లలు, మొత్తం పద్నాలుగు మంది, ఏప్రిల్ దాకా బడికి రాలేదు. వలస పోయిన పిల్లల హాజరును రిజిస్టర్‌లో ఎట్లా రాస్తరు, ఎట్లా రాయాలె అన్నది వచ్చే ఆదివారం. మీ ఊరి బడి పోస్టర్లు ఉంటే పంపండి. బడి పేరు కొట్టేసి పంపండి.

జై భీమ్.